తాత రా: ఆదివారం తెలుగు క్లాసుకి మొదటి పాఠం

ప్రశ్న: మాది వైజాగ్ అక్కయ్యపాలెం. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉంటున్నాం. నేను టీచర్ని కాను, ఇద్దరు పిల్లల తల్లిని. ఈ టర్మ్ నుంచి ప్రతి ఆదివారం 75 నిమిషాల తెలుగు క్లాసు నన్ను చెప్పమన్నారు. 6 నుంచి 9 ఏళ్ల పిల్లలు పది మంది, ఇళ్లలో దాదాపు అంతా ఇంగ్లీషే. టర్మ్‌కి పది వారాలు. మొదటి టర్మ్‌లో అచ్చులు, రెండో టర్మ్‌లో హల్లులు పూర్తి చేద్దామనుకుంటున్నా. మొదటి క్లాసు ఎలా ప్లాన్ చేసుకోవాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?

సమాధానం:

అచ్చులతో మొదలుపెట్టకండమ్మా. ఆ తప్పు నేను చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను.

నేను ఇక్కడ వైజాగ్‌లో 31 ఏళ్లు ప్రైమరీ స్కూల్లో పనిచేశాను, అందులో ఎక్కువ ఏళ్లు ఒకటో తరగతే. రిటైరయ్యాక అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్తే అక్కడి తెలుగువాళ్లు శనివారం క్లాసు చెప్పమన్నారు. ఒకటో తరగతి నాకు కొట్టినపిండి కదా అనుకున్నాను. వారానికి ఒక అచ్చు, దానికో బొమ్మ కార్డు, ఒక పాట. కార్డులన్నీ వరసగా గోడకి అంటించాను. చివరి రోజు పిల్లలందరూ అ నుంచి అః దాకా గుక్క తిప్పుకోకుండా పాడారు. తల్లిదండ్రులు వీడియోలు తీసుకున్నారు. అందరూ వెళ్లిపోతుంటే ఒక ఏడేళ్ల పిల్లకి ‘ఊ’ కార్డు చూపించి ఇదేంటమ్మా అన్నాను. ఆ పిల్ల గోడ వంక తిరిగి, మొదటి కార్డు నుంచి ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ, లోపల పాడుకుంటూ వచ్చి, ఆరో కార్డు దగ్గర ఆగి ‘ఊ’ అంది. ఆ పిల్లకి వచ్చింది పాట. అక్షరం రాలేదు.

ఇక్కడ మా బడిలో అదే పద్ధతి ఎందుకు చెల్లిందో అప్పుడు ఆలోచించాను. ఇక్కడ ఒకటో తరగతికి వచ్చే పిల్లాడి దగ్గర మాటలు బోలెడు ఉంటాయి. ‘ఉ’ అనగానే ఉడత, ఉప్పు, ఉల్లిపాయ వాడికే గుర్తొస్తాయి. మీ పిల్లలకి ఉడత అంటే ఏమిటో ముందు ఇంగ్లీషులో చెప్పాలి, ఆ తర్వాత దాని మొదటి అక్షరం చెప్పాలి. తెలియని మాటతో తెలియని గుర్తుని పట్టుకోమంటున్నామన్నమాట.

ఇంకో చిక్కు మన లిపిలోనే ఉంది. అచ్చు అక్షరం ఆ రూపంలో దాదాపుగా మాట మొదట్లోనే కనిపిస్తుంది. మాట లోపలికి రాగానే అది దీర్ఘంగానో గుడిగానో కొమ్ముగానో మారిపోతుంది. అందుకని అచ్చులన్నీ వచ్చిన పిల్లాడు కూడా ‘ఆవు’ అని చదవలేడు, ఎందుకంటే ‘వు’ వాడికి తెలియదు. మీ టర్మ్ మొత్తం కలిపితే పన్నెండున్నర గంటలు. ఇక్కడి బడిలో రోజుకో నలభై నిమిషాల పీరియడ్ లెక్కన చూస్తే అది మూడు వారాల పని. ఆ సమయమంతా ఖర్చయ్యాక పిల్లలు ఒక్క మాటా చదవలేకపోతే రెండో టర్మ్‌కి సగం మంది రారు. నా క్లాసులో అదే జరిగింది.

కాబట్టి అక్షరాల వరసని పక్కన పెట్టి, పిల్లల చెవిలో ఇప్పటికే ఉన్న మాటల నుంచి బయల్దేరండి. ఇళ్లలో ఇంగ్లీషే అన్నారు కానీ, ఎంత ఇంగ్లీషు ఇంట్లోనైనా కొన్ని తెలుగు మాటలు మిగిలి ఉంటాయి. క్లాసుకి వారం ముందు వాట్సాప్‌లో తల్లిదండ్రుల్ని ఒకటే అడగండి: ‘మీ పిల్లలు ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు కూడా తెలుగులోనే అనే మాటలు ఏవి?’ నాకు వచ్చిన జాబితాలు కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉండేవి. తాత, అమ్మమ్మ, మామ, పాలు, పప్పు, నెయ్యి, దోస, రా, పద, బొట్టు, ఛీ. మీ జాబితాలో ఏడెనిమిది మంది ఇళ్లలో ఉన్న మాటలు తీసుకుని, వాటిలో ఒత్తు లేనివి, తక్కువ అక్షరాలతో అయ్యేవి ఏరండి. అమ్మ, నాన్న, పప్పు అన్నిటికంటే బాగా తెలిసిన మాటలే, కానీ మూడింటిలోనూ ఒత్తు ఉంది. వాటిని కాసేపు ఆపుదాం.

నేను మొదటి పాఠానికి ర, త, ల తీసుకుంటాను. వాటికి తోడు దీర్ఘం. ఇంతే. వీటితో రా, తాత, తల వస్తాయి. రెండు మాటలు పక్కపక్కన పెడితే ‘తాత రా’ అని ఒక వాక్యం వస్తుంది. మొదటి రోజే పిల్లాడు తెలుగులో ఒక వాక్యం చదివి, అది విన్న మనిషి దానికి బదులివ్వాలి. పాఠం మొత్తం ఆ ఒక్క నిమిషం కోసమే కడతాను.

మొదటి పావుగంట అక్షరం చూపించను. చెవికే పని. పిల్లల్ని దూరంగా నిలబెట్టి ఒక్కొక్కరిని పేరు పెట్టి ‘రా’ అంటాను, వస్తారు. తర్వాత పిల్లలే ఒకరినొకరు పిలవాలి. ‘తల’ అంటే తల పట్టుకోవాలి. ప్రతి పిల్లా తన తాత ఫోటో తెచ్చుకోవాలని ముందే చెప్పి ఉంచుతాను. పది మంది తాతల ఫోటోలు నేల మీద పరిచి, ‘తాత ఏడీ?’ అంటే ఎవరి తాతని వాళ్లు పట్టుకు రావాలి. తాతని వేరేలా పిలిచే ఇళ్లుంటాయి. మీది వైజాగే కాబట్టి మీకు తెలుసు, మన వైపు పెద్దవాళ్లు ఫోన్లో ‘బేగి రా’ అంటారు, ‘ఏటి సేస్తన్నావు’ అంటారు. పిల్ల అలా అంటే దిద్దకండి. అది వాళ్ల ఇంటి తెలుగు. బోర్డు మీద రాసేది ఒక రూపం, నోటితో అనేది ఇంకో రూపం అయినా ఆ వయసులో వాళ్లకి ఇబ్బందేమీ లేదు.

ఈ పావుగంటలోనే ‘త’ సంగతి తేల్చుకోవాలి. ఇంగ్లీషులో పెరిగిన పిల్లల నోట్లో మన త ఉండదు. వాళ్ల టీ శబ్దానికి నాలుక పళ్ల వెనక చిగురుకి తగులుతుంది, మన చెవికి అది ట లాగే వినిపిస్తుంది. అందుకే ‘తాత’ అనమంటే ‘టాటా’ అంటారు. తాతని చూసి టాటా చెబితే నవ్వొస్తుంది గానీ, దీన్ని ఇప్పుడు వదిలేస్తే రేపు ‘ట’ నేర్పేటప్పుడు రెండు గుర్తులూ ఒకే శబ్దం అయిపోతాయి. పాట, పాత రెండూ ఒకటే. నేనేం చేస్తానంటే, వాళ్లకి తెలిసిన ఇంగ్లీషు ‘థింక్’ మాట అనమంటాను. నాలుక కొస పళ్లకి తగులుతుంది. నాలుకని అక్కడే ఉంచి, గాలి వదలకుండా ఆపి ‘తా’ అనమంటాను. ఫోన్ సెల్ఫీ కెమెరా పెట్టి వాళ్ల నాలుక వాళ్లనే చూసుకోమంటే సరదాగా చేస్తారు.

గాలి వదులుతున్నారా లేదా అని చూడటానికి ఒక టిష్యూ కాగితం చాలు. సన్నగా చింపి పెదాలకి దగ్గరగా వేలాడదీసి ‘తా’ అనమనండి. కాగితం ఎగిరితే అది థా. ఇంగ్లీషులో మాట మొదట్లో వచ్చే పీ, టీ, కే శబ్దాలకి సహజంగానే గాలి తన్నుకొస్తుంది కాబట్టి ఇది అందరికీ ఉండేదే. మూడో వారం ‘పాలు’ వచ్చినప్పుడు మళ్లీ ఇదే కాగితం బయటికి తీయాలి. మొదటి రోజే అందరికీ పట్టుబడాలని కూర్చోకండి. తేడా వాళ్ల చెవికి తెలిస్తే చాలు, నోరు నెమ్మదిగా వస్తుంది.

ఇక అక్షరాలు. ముందు ఏమీ చెప్పకుండా పన్నెండు కార్డులు ఇస్తాను: ర, త, క, న, మ, ప ఒకవైపు, ల, బ, జ, ట, ఖ, ణ ఇంకోవైపు. కలిపేసి ఇస్తాను. పేర్లు అడగను. ‘పైన టిక్ మార్క్ ఉన్నవి ఇటు, లేనివి అటు’ అంటాను. మన తలకట్టు ఆ పిల్లలకి అచ్చం స్కూల్లో టీచర్ పెట్టే టిక్‌లా కనిపిస్తుంది. మూడు నిమిషాల్లో వేరు చేసేస్తారు. దీనివల్ల జరిగే మేలు ఏమిటంటే, తెలుగు అక్షరం అంటే ఒక్క ముద్దగా కనిపించే బొమ్మ కాదని, కింద ఒక ఒళ్లు, పైన ఒక గుర్తు ఉంటాయని కన్ను పట్టుకుంటుంది. గుణింతం మొత్తం ఆ చూపు మీదే నిలబడి ఉంది. ఆ తర్వాతే ర, త, ల ఏవో పేరు పెట్టి చూపిస్తాను.

దీర్ఘం నేర్పడానికి చార్టు ముక్కలు కత్తిరించుకోండి. ర, త లని తలకట్టు లేకుండా రాయండి. తలకట్టు ఒక చిన్న ముక్క, దీర్ఘం ఇంకో ముక్క, వెనక బ్లూ టాక్. తలకట్టు అంటిస్తే ర. అది పీకేసి అదే చోట దీర్ఘం అంటిస్తే రా. పిల్లాడి చేత పీకించి అంటించాలి, మీరు చేసి చూపిస్తే సరిపోదు. ‘ర’కి చేతులు దగ్గర పెట్టి, ‘రా’కి రెండు చేతులూ చాపమనండి. ల దగ్గరికి వచ్చేసరికి పీకడానికి ఏమీ ఉండదు, దీర్ఘం అంటించడమే. ఒక పిల్లైనా ‘దీనికి టిక్ లేదుగా’ అంటుంది. అప్పటిదాకా మీరు నోరు మూసుకుని ఆగండి.

ఒక జాగ్రత్త. రెండో వారం ‘మ’ వచ్చినప్పుడు ఈ ముక్కల ఆట కుదరదు. మా లో తలకట్టు ఎక్కడికీ పోదు, చివర ఉన్న కొమ్ము లాంటిదే పైకి సాగి దీర్ఘం అవుతుంది. దాన్ని ముందే చూసుకుని వేరే ముక్క కత్తిరించుకోండి. నేను చూసుకోలేదు. మా అమెరికా పిల్లలు తలకట్టు పీకేసి, దీర్ఘం దాని మీద నిలబెట్టి, ఇదేంటని నన్ను అడిగారు.

కార్డులు ప్రింట్ తీసేటప్పుడు టర్మ్ అంతా ఒకే ఫాంట్ వాడండి. Noto Sans Telugu లాంటి సాదా ఫాంట్ చాలు. లావుపాటి హెడ్‌లైన్ ఫాంట్లలో వ, ప లని వేరు చేసే ఖాళీ పూడిపోయి పెద్దవాళ్లకే తడబాటు వస్తుంది. కార్డుకి ఒకే మాట, అరచేతి అంత అక్షరం.

రాయడానికి పది నిమిషాలకి మించి ఇవ్వను. పళ్లెంలో బొంబాయి రవ్వ పోసి వేలితో రాయిస్తాను. అక్షరాభ్యాసంలో లాగా బియ్యం బాగుంటాయి అనుకున్నాను గానీ, బియ్యంలో గీత గీయగానే గింజలు జారి పూడిపోతుంది. పిల్లకి తను రాసింది కనిపించదు. రవ్వలో గీత నిలుస్తుంది, పళ్లెం కదిపితే చెరిగిపోతుంది. మీరు చూడాల్సింది పళ్లెం కాదు, చెయ్యి. ర కి వేలు రెండుసార్లు మాత్రమే పెట్టాలి: సున్న ఒకటి, తలకట్టు ఒకటి. త, ల లని కొందరు నాలుగైదు ముక్కలుగా, బొమ్మ గీసినట్టు, అటొక వంపు ఇటొక వంపు అతికిస్తారు. చూడటానికి అక్షరం సరిగానే ఉంటుంది. ఆ పిల్ల ఇంకా అక్షరం రాయడం లేదు, చూసి గీస్తోంది. పళ్లెం కదిపి చెరిపేసి, కార్డు బోర్లించి, మళ్లీ రాయమంటే తెలిసిపోతుంది. అలాంటి పిల్లకి పెన్సిలు ఇవ్వడానికి తొందరపడకండి. వేలు పట్టుకుని రెండు మూడుసార్లు తిప్పించండి.

ఇప్పటికి గంట దగ్గరపడుతుంది. మిగిలిన పావుగంటలో మొదట ఒక ఆట. మీరు మాట్లాడకూడదు. ‘రా’ కార్డు చూపిస్తే రావాలి, ‘తల’ చూపిస్తే తల పట్టుకోవాలి, ‘తాత’ చూపిస్తే ఫోటో ఎత్తాలి. మొదట్లో చెవితో చేసిన పనే ఇప్పుడు కంటితో చేస్తున్నారు. పక్కవాణ్ని చూసి చేసేవాళ్లు దొరికిపోతారు, ఒక క్షణం ఆలస్యంగా లేస్తారు. వాళ్లని ఏమీ అనకండి, ఎవరో గుర్తుపెట్టుకోండి.

చివర్లో ఫోన్. ఎవరో ఒక తాతతో ముందే మాట్లాడి పెట్టుకోండి. మీ క్లాసు ఉదయం పదకొండుకి ముగిసేదైతే అప్పటికి ఇక్కడ ఆరున్నర. మన వైపు తాతలు ఆ వేళకి బీచ్ రోడ్డులో నడకకి వెళ్లి ఉంటారు, లేదంటే కాఫీ గ్లాసుతో పేపర్ ముందు ఉంటారు. అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా మీ గడియారం గంట ముందుకి జరుగుతుంది కాబట్టి ఇక్కడ అయిదున్నరే అవుతుంది. ఆ నెలల్లో వద్దు, ముందే వాయిస్ మెసేజ్ తెప్పించుకోండి. పిల్ల ‘తాత’, ‘రా’ రెండు కార్డులు పక్కపక్కన పట్టుకుని చదువుతుంది. అవతల తాత ‘వస్తున్నా, వస్తున్నా’ అనాలి. మా వారు ఒకసారి ఇలాగే కూర్చుని, ఫోన్ సగం సేపు సీలింగ్ ఫ్యాన్‌కి చూపించి, మధ్యలో ‘ఎవరక్కడా?’ అన్నారు. పిల్లలు ఆ తర్వాత నెల రోజులు ‘ఎవరక్కడా’ అంటూ తిరిగారు. పాఠంలో లేని మాట, అందరికంటే గట్టిగా పట్టుబడింది అదే.

ఇంటికి ఒకే కార్డు పంపండి, ‘రా’. ఫ్రిజ్ మీద అంటించి, ఆ వారం అంతా పిల్లని అన్నానికి పిలిచేటప్పుడు తల్లి నోటితో పిలవకుండా కార్డు చూపించాలి. రెండు పేజీల వర్క్‌షీట్ పంపితే ఆదివారం పొద్దున్న కారులో చేస్తారు, అది మనందరికీ తెలుసు. తల్లిదండ్రులకి ఇంకొక్క మాట గట్టిగా చెప్పండి. కార్డు కింద ఇంగ్లీషు అక్షరాల్లో రాయొద్దు. రాస్తే పిల్ల కన్ను ముందు అటే పోతుంది, తెలుగు అక్షరం అలంకారంగా మిగిలిపోతుంది. పైగా ఆ ఇంగ్లీషు మన శబ్దాన్ని మోయలేదు. పాట, పాత, పట మూడింటికీ పీ, ఏ, టీ, ఏ అనే రాస్తారు. పిల్ల ఏదని చదవాలి?

ఇక టర్మ్ సంగతి. వారానికి మూడు కొత్త అక్షరాలు మించొద్దు, మూడు వారాలకోసారి కొత్తది ఏమీ చెప్పని వారం ఉండాలి. నా వరస ఇలా నడుస్తుంది. రెండో వారం మ, న తో మామ, నా, మన. మూడో వారం ప, కొమ్ము తో పాలు. నాలుగో వారం కొత్తవి లేవు. అయిదులో ద, గుడి: పద, అక్కడి నుంచి నాది, పని, తిను. ఆరులో క: కాలు, నాకు, కాదు. ఏడు మళ్లీ ఖాళీ. ఎనిమిదో వారం ట తో పాటు అ, ఆ లు వస్తాయి: ఆట, పాట, ఆకు, అది. అచ్చులు అప్పుడొచ్చినా పిల్లలకి ఏమీ కొత్తగా ఉండదు, ‘ఆ’ శబ్దం వాళ్లకి దీర్ఘం ద్వారా ముందే తెలుసు. వ ని కావాలనే రెండో టర్మ్‌కి తోశాను. మ, ప, వ మూడూ ఒకే కుదురు నుంచి వచ్చినట్టుంటాయి. ఒకే నెలలో చెబితే మూడూ కలిసిపోతాయి. మ, ప లు స్థిరపడ్డాకే వ తేవాలి.

ఒత్తు తొమ్మిదో వారం. ఇక్కడ అందరూ అమ్మతో మొదలుపెడతారు, నేను పప్పుతో మొదలుపెడతాను. మ ఒత్తు, న ఒత్తు అసలు అక్షరాల్లా ఉండవు, వేరే గుర్తులు. ప ఒత్తు మాత్రం తలకట్టు తీసేసిన ప నే, కింద చిన్నగా కూర్చుంటుంది. తలకట్టు పీకడం మొదటి రోజే నేర్చిన పిల్లలకి అది ఇట్టే అర్థమవుతుంది. చప్పట్లు కొట్టించి ‘పపు’కి ‘పప్పు’కి తేడా వినిపించండి. ఇంగ్లీషులో ఇలా హల్లుని నొక్కి పట్టడం ఉండదు కాబట్టి ‘అమ’, ‘నాన’ అనే పిల్లలు చాలామంది ఉంటారు. పప్పు వచ్చాక అమ్మ, నాన్న వస్తాయి. ఒక మాట, ‘పు’ దగ్గర కొమ్ము మిగతా అక్షరాల్లో లాగా పక్కన ఉండదు, కింది నుంచి వస్తుంది. పక్కన పెడితే వేరే అక్షరంలా తయారవుతుంది. అందుకే మూడో వారం కొమ్ము నేర్పేటప్పుడు లు, ను, రు మాత్రమే చెప్పి, పు ని తొమ్మిది దాకా ఆపుతాను.

లెక్క చూస్తే పది వారాలకి తొమ్మిది హల్లులు, రెండు అచ్చులు, మూడు గుర్తులు, మూడు ఒత్తులు. వినడానికి తక్కువే. కానీ వాటితో ‘అది నాది’, ‘నాకు పాలు కాదు, పప్పు’, ‘తాత, ఇటు రా’ లో ‘ఇ’ తప్ప అన్నీ చదివేస్తారు. ‘అది నాది’ కార్డు ఇచ్చి చూడండి, క్లాసులో పెన్సిళ్లన్నిటికీ యజమానులు పుట్టుకొస్తారు. పదో వారం కొత్తది ఏమీ చెప్పను. ఈ వాక్యాలతో ఒక్కో పిల్ల ఎనిమిది పేజీల చిన్న పుస్తకం కుట్టుకుని ఊరికి పంపుతుంది.

నాలుగో వారం, ఏడో వారం ఖాళీ అన్నాను కదా, అవి పరీక్షకి. పేపరు పరీక్ష కాదు. ఎప్పుడూ చూపించని మాట ఒకటి చూపిస్తాను. నాలుగో వారానికి ‘రామ’ అనుకోండి. అందులోని రెండూ తెలిసినవే, మాట మాత్రం కొత్తది. రా... మ... అని కూడబలుక్కుని ‘రామ’ అంటే ఆ పిల్లకి అక్షరాలు వచ్చినట్టు. మొదటి అక్షరం చూసి ‘రా’ అనేసి లేచి వచ్చేస్తే, కార్డు ఆకారం గుర్తుపెట్టుకుంది, అక్షరం ఇంకా రాలేదు. అలాంటివాళ్లు సగానికి మించి ఉంటే అయిదో వారం పాఠం ఆపి మళ్లీ ముక్కలతో ఆడించండి. తొమ్మిదేళ్ల పిల్లలు ఇంగ్లీషు చదవడంలో ఆరితేరి ఉంటారు కాబట్టి కూడబలుక్కోవడం వాళ్లకి త్వరగా వస్తుంది. ఆరేళ్లవాళ్లకి ఇంగ్లీషే ఇంకా కుదరలేదు. ఇద్దరికీ ఒకే కార్డులు వాడండి, కానీ పెద్దవాళ్ల చేత చిన్నవాళ్లకి కార్డులు పట్టించండి. రెండు గ్రూపులుగా విడగొడితే ఒక్కరే టీచరు ఉన్న క్లాసులో ఎప్పుడూ ఒక గ్రూపు గోల చేస్తూ ఉంటుంది.

ఒక విషయం తల్లిదండ్రులకి మొదటి రోజే చెప్పేయండి, లేకపోతే అయిదో వారానికల్లా ‘పక్క ఊరి క్లాసులో అప్పుడే గుణింతాలట’ అని ఫోన్లు వస్తాయి. ఈ లెక్కన అక్షరమాల మొత్తం అవడానికి మీ నాలుగు టర్ములూ పట్టి, రెండో ఏడులోకి కూడా వెళ్తుంది. ఖ, ఘ, ఝ లాంటివి అప్పటికి కానీ రావు, ఆ పిల్లలు వాడే మాటల్లో అవి అరుదు. ఇంకోటి, ఈ క్లాసు వల్ల పిల్లలు తెలుగు మాట్లాడేస్తారని మాట ఇవ్వకండి. వారానికి 75 నిమిషాల్లో ఉన్న మాటలకి అక్షరం తొడగగలం. కొత్త మాటలు ఇంట్లోనే పుట్టాలి.

వైజాగ్‌లో ఉన్న తాతలు, అమ్మమ్మలకి కూడా పని పెట్టండి. బజారుకి వెళ్లినప్పుడు బస్సు బోర్డులు, షాపు బోర్డులు ఫోటో తీసి పంపమనండి. మాట మొత్తం చదవక్కర్లేదు, తెలిసిన అక్షరాలు ఎన్ని ఉన్నాయో వేటాడాలి. ‘తగరపువలస’లో మొదటి వారానికే త, ర, ల దొరుకుతాయి. ‘మద్దిలపాలెం’లో మూడో వారానికి మ, ల, పా. ‘అనకాపల్లి’ అయితే టర్మ్ చివరికి అ, న, కా, ప అన్నీ వచ్చేసి ఒక్క ‘ల్లి’ దగ్గర ఆగిపోతారు.

మా మనవడు కిందటిసారి డిసెంబర్‌లో వచ్చినప్పుడు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో సరిగ్గా ఆ ‘ల్లి’ దగ్గరే ఆగాడు. అనకాపల్లి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. వీడు దాని ముందు నిలబడి ‘అ... న... కా... ప...’ అని, చివరి అక్షరం కింద వేలు చూపిస్తూ, ‘ఇది ల, టిక్ లేదు, పైన గుడి ఉంది, మరి కింద ఇదేంటి నానమ్మా?’ అన్నాడు. నేను చెప్పేలోపు కండక్టర్ తల బయటపెట్టి ‘పల్లి బాబూ, పల్లి, ఎక్కుతావా?’ అన్నాడు.